కొసరి వడ్డించే నాలుగు మాటలు

బంతి భోజనాల రోజుల్లో పెళ్లివారి తరఫున ఒక మనిషి వరసల మధ్య ఖాళీ చేతులతో తిరుగుతూ ఉండేవాడు. వడ్డన ఆయన పని కాదు, దానికి వేరే వాళ్లుండేవారు. ప్రతి విస్తరి దగ్గరా ఒక్క క్షణం ఆగి, ‘పప్పు మళ్లీ వేయించుకోండి బావగారూ’, ‘అదేంటి వదినా, బూరె పక్కన పెట్టేశావు’, ‘పిల్లాడికి కారం తగిలింది, పెరుగు పట్రండ్రా’ అనడం ఆయన పని. ఇంటికి పెద్దల్లుడో, మేనమామో, పెళ్లికూతురి బాబాయో అయ్యుండేవాడు. భోజనం బాగుందని పదేళ్ల తర్వాత కూడా చెప్పుకునేవారంటే అందులో వంటవాడి వాటా ఎంతో ఈయన వాటా కూడా అంతే.

ఇప్పుడు రిసెప్షన్లలో ఆ మనిషి లేడు. కల్యాణ మంటపంలో గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు, బల్లకు పదిమంది, యూనిఫాం వేసుకున్న కేటరింగ్ కుర్రాళ్లు. పెళ్లివారంతా వేదిక మీద ఫొటోల్లో ఉంటారు. మీ పక్కన కూర్చున్నది ఎవరో మీకు తెలియదు, మీరెవరో వడ్డించేవాడికి తెలియదు. ఆ బల్ల మధ్యలో నిలబడే చిన్న కార్డు, కంచం పక్కన పెట్టే మెనూ కార్డు చేయవలసింది ఆ తిరిగే మనిషి పనే. వాటి మీద రాసే మాటలు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని రాస్తే చాలావరకు వాటంతటవే కుదురుతాయి. తింటున్న మనిషి పక్కన నిలబడి పైకి అనగలిగే మాటైతే కార్డు మీద వేయొచ్చు. అనలేనిదైతే అది శుభలేఖలో ఉండాలి, లేదా వేదిక మీద మైకులో ఉండాలి.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక రిసెప్షన్‌కి ఈ మాటలు రాసే పనిలో నేనూ ఒక చెయ్యి వేశాను. మగపెళ్లివారిది రాజమండ్రి దగ్గర, ఆడపెళ్లివారిది వరంగల్ వైపు. వైశాఖ మాసం, శాకాహార భోజనం, కూర్చోబెట్టి వడ్డన, ఇరవై నాలుగు బల్లలు. వరుడి తండ్రిగారు మెనూ కార్డు కోసం తనే ఒక వాక్యం రాసుకుని వచ్చారు: ‘మా ఆహ్వానమును మన్నించి విచ్చేసి, మా ఆతిథ్యమును స్వీకరించుచున్న బంధుమిత్రులందరికీ హృదయపూర్వక కృతజ్ఞతాభివందనములు.’ తప్పేమీ లేని వాక్యం. కానీ పప్పన్నం కలుపుకుంటున్న మనిషి దగ్గరికెళ్లి ఈ మాట అని చూడండి. అతను ముద్ద కింద పెట్టి లేచి నిలబడాలేమో అనుకుంటాడు.

నేను ఆయన్ని ఒక్కటే అడిగాను. మీ ఇంటికి ఎవరైనా భోజనానికొస్తే కూర్చున్నాక మీరు మొదట అనే మాటేమిటి? ఆయన ఆలోచించకుండా, ‘ఆకలి మీదున్నట్టున్నారు, కానివ్వండి’ అన్నారు. మెనూ కార్డు పైన అదే పడింది: ‘ఆకలి మీదున్నారు కదా, కానివ్వండి.’ ఆయనకి మొదట నచ్చలేదు, ‘మరీ ఇంట్లో మాటలా ఉందండీ’ అన్నారు. కావలసింది అదేనని ఆవిడ, అంటే పెళ్లికొడుకు తల్లి, పక్కనుంచి తేల్చేశారు.

మూడు చోట్ల మూడు మాటలు

మెనూ కార్డుకి ఎక్కువ మాటలు అక్కర్లేదు. మూడు చాలు, అవి ఎక్కడ పడుతున్నాయన్నదే ముఖ్యం. మన భోజనానికి ఒక వరుస ఉంది. తీపి, పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు. కార్డులో వంటకాల పేర్లు కూడా ఆ వరసనే వేసి, మాటల్ని ఆ దారిలో మూడు మలుపుల దగ్గర పెడితే, తినేవాడి వెంట ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది.

మొదటిది పైన, కూర్చోగానే కంటపడేది. రెండోది పప్పు పక్కన. అక్కడే నెయ్యి వస్తుంది, అక్కడే మొహమాటం కూడా మొదలవుతుంది. రెండోసారి అడగాలంటే చాలామందికి బిడియం, కాబట్టి అక్కడ ఒక మాట పడితే దానికి పని ఉంటుంది. మేం వేసింది, ‘నెయ్యి చాలదూ? ఇంకో చుక్క వేయమనండి.’ మూడోది పెరుగు దగ్గర. ఫొటోల హడావుడిలో జనం పెరుగు దాకా రాకుండానే లేచిపోతున్నారు. ‘పెరుగన్నం తినకుండా లేవకండి. కిళ్లీలు తలుపు దగ్గరే ఉన్నాయి.’ ఈ చివరి మాటలో రెండో సగం సమాచారం, మొదటి సగం ఆప్యాయత. రెండూ ఒకేచోట దొరికిన మాట ఎప్పుడూ బాగుంటుంది, ఎందుకంటే తిరిగే ఆ పెద్దమనిషి కూడా ఊరికే ముద్దుగా మాట్లాడేవాడు కాదు. కారం తగిలితే పెరుగు చూపించేవాడు, చేతులు కడుక్కునే చోటు చెప్పేవాడు.

వంటకాల పేర్ల కింద ఒక్కో వ్యాఖ్య రాయాలని కొందరికి ఉబలాటం. పద్నాలుగు వంటకాలుంటే పద్నాలుగు వ్యాఖ్యలు. అలా రాస్తే ఏదీ చదవరు. పైగా సగం దాకా వచ్చేసరికి రాసేవాడికే సరుకు అయిపోయి, సాంబారు కింద ‘ఘుమఘుమలాడే’, వంకాయ కింద ‘నోరూరించే’ అని కర్రీ పాయింటు బోర్డులోకి దిగిపోతాం. చెప్పవలసింది ఉన్న వాటికే చెప్పాలి. మా కార్డులో మూడింటికే మాటలు పడ్డాయి. పనసపొట్టు కూర కింద, ‘ఆవ పెట్టిన కూర. మొదటి ముద్దకే తెలుస్తుంది.’ వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్లలో కొందరికి ఆ కూర కొత్త, ఆవ ఘాటు ముక్కుకెక్కే ముందు ఒక మాట చెప్పడం మర్యాద. పచ్చిపులుసు కింద, ‘అమ్మాయి గారింటి పద్ధతిలో.’ ఆవకాయ కింద, ‘నాన్నమ్మ గారి కొలతతో.’

ఆ నాన్నమ్మ గారు ఇప్పుడు లేరు. శుభమా అని జరుగుతున్నప్పుడు పోయినవాళ్ల ప్రస్తావన ఎందుకని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు. ‘స్మృత్యర్థం’ అనో ‘దివంగత’ అనో వేస్తే వాళ్ల అభ్యంతరం న్యాయమే. కానీ ఆవిడ కొలత ఇంకా ఆ ఇంట్లో నడుస్తూనే ఉంది, ఆ ఏటి ఆవకాయ ఆ కొలతతోనే కోడలు పెట్టింది. తెలిసినవాళ్లకి తెలుస్తుంది, తెలియనివాళ్లు ఆవకాయ వేయించుకుంటారు. ఇలాంటి మాటకి ఒకటే షరతు, అది నిజమై ఉండాలి. కేటరింగ్ వాళ్లు డబ్బాల్లో తెచ్చిన ఆవకాయకి ‘అమ్మమ్మ చేతి రుచి’ అని రాస్తే, మొదటి బల్ల మీద కూర్చున్న అమ్మమ్మే ముందు పట్టుకుంటుంది.

రెండు ప్రాంతాల వాళ్లు కలిసే పెళ్లిలో పేర్ల దగ్గర కూడా కొంచెం చూసుకోవాలి. ఒకరికి ఆనపకాయ, ఇంకొకరికి సొరకాయ. ఒకరికి బంగాళాదుంప, ఇంకొకరికి ఆలుగడ్డ. ఎవరి వంటకానికి వాళ్ల ఇంటి పేరు ఉంచడం మంచిది. గోదావరి వంటకి గోదావరి పేరు, బగారా అన్నానికి తెలంగాణ పేరు. ఏది ఎవరి వైపు నుంచి వచ్చిందో కార్డు చూడగానే తెలిసిపోతుంది, దాని మీద బల్ల దగ్గర మాటలు కలుస్తాయి.

ఇంకొక సంగతి చిన్నదే గానీ ముఖ్యమైంది. జీడిపప్పు, వేరుశెనగ, నువ్వులు పడనివాళ్లు ఉంటారు, ఉల్లి వెల్లుల్లి తినని వాళ్లు ఉంటారు, మాంసాహారం కూడా ఉన్న విందైతే ఏ పాత్రలో ఏముందో తెలియాలి. ఇవి చమత్కారంగా చెప్పే విషయాలు కావు. పేరు పక్కనే సూటిగా, ‘ఉల్లి లేదు’, ‘జీడిపప్పు ఉంది’ అని వేసేయాలి.

బల్లకు పేరు, పేరుకొక మాట

బల్లలకు నంబర్లు వేస్తే కేటరింగ్ వాళ్లకి సుఖం, పెళ్లివారికి తంటా. ఒకటో నంబరు బల్ల ఎవరికిచ్చారన్నది రెండేళ్ల దాకా నడుస్తుంది. ‘మమ్మల్ని పంతొమ్మిదిలో పడేశారు’ అన్న మాట నేను స్వయంగా విన్నాను, ఆ పంతొమ్మిదో బల్ల వేదికకి అన్నింటికంటే దగ్గర అయినా సరే. ఎనిమిది వద్దనేవాళ్లు వేరే. పేర్లు పెడితే ఈ గొడవ ఉండదు, మల్లెకీ చేమంతికీ మధ్య పెద్దా చిన్నా ఎవరూ లెక్కగట్టరు. వడ్డించేవాళ్ల కోసం నంబరు కావాలంటే కార్డు వెనక అడుగున చిన్నగా వేసుకోవచ్చు.

పూల పేర్లు సులువు. మల్లె, విరజాజి, సంపెంగ, కనకాంబరం, పారిజాతం, నందివర్ధనం, ఇరవై నాలుగు బల్లలకి ఇబ్బంది లేకుండా సరిపోతాయి. నదుల పేర్లు కూడా బాగుంటాయి. గోదావరి, కృష్ణ, పెన్న, తుంగభద్ర, వంశధార, నాగావళి, మంజీర. మూసీ పేరు పెడితే మాత్రం హైదరాబాద్‌లో ఆ బల్ల వాళ్లు భోజనం అయ్యేదాకా దాని మీదే జోకులు వేసుకుంటారు. సంగీతం తెలిసిన కుటుంబమైతే రాగాలు, కానీ అక్కడ ఆచితూచి ఏరుకోవాలి. మోహన, హంసధ్వని, కల్యాణి, శహన నిస్సంకోచంగా పెట్టొచ్చు. ముఖారి అనగానే తెలిసినవాళ్లకి ఏడుపే గుర్తొస్తుంది. తీపి పేర్లు కూడా వేయొచ్చు, ఆత్రేయపురం పూతరేకు, బందరు లడ్డు, కాకినాడ కాజా, మాడుగుల హల్వా అని. ఒక్కటే ఇబ్బంది, కాజా అని బోర్డు పెట్టిన బల్ల దగ్గర కాజా రాకపోతే జనం ఊరుకోరు.

పేరు కింద పడే మాట ఆ బల్ల మీద కూర్చునేవాళ్లని చూసి రాయాలి. అన్ని బల్లలకీ ఒకే మాట వేయడం కంటే అసలు వేయకపోవడం నయం. మేం బల్లల పటం ముందు పెట్టుకుని, వరుడి తల్లి ఒక్కో బల్ల దగ్గర ఆగి వీళ్లు మాకేమవుతారు, వీళ్లతో ఎలా మాట్లాడతాం అని చెబుతుంటే రాసుకున్నాం. వాటిలో కొన్ని చూడండి.

తలుపుకి దగ్గరగా, ఏసీ గాలి తగలని చోట పెద్దవాళ్ల బల్ల. డెబ్బై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు. వీళ్ల బెంగల్లా ఒకటే, వేదిక మెట్లెక్కి, క్యూలో నిలబడి అక్షింతలు వేసేదెలాగా అని. అందుకే ఆ కార్డు మీద: ‘తొందరేం లేదు. వధూవరులే మీ దగ్గరికొస్తారు.’ మొత్తం ఇరవై నాలుగింటిలో నాకు బాగా నచ్చిన మాట ఇదే. ఇందులో అలంకారం లేదు. ఒక మోకాలి నొప్పికి జవాబు ఉంది.

ఇరుగుపొరుగు వాళ్ల బల్లకి వరుడి తల్లి చెప్పిన కథ ఒకటి మొత్తం పని చేసిపెట్టింది. పాతికేళ్లుగా పక్కింటావిడ దగ్గర పెరుగు తోడుకి గిన్నె పట్టుకెళ్లడం, ఆవిడ వీళ్ల దగ్గరికి రావడం. ‘పెరుగు తోడు నుంచి పెళ్లి దాకా మీరే తోడు’ అని రాసుకున్నాం. పక్కింటావిడ ఆ కార్డు మడిచి సంచిలో వేసుకుని పట్టుకెళ్లారు.

పెళ్లికొడుకు ఆఫీసువాళ్లకి, ‘సోమవారం సంగతి ఇవాళ ఎత్తకూడదు.’ కాలేజీ స్నేహితుల బల్లకి, ‘పాత కథలన్నీ చెప్పుకోండి, ఆ ఒక్కటి తప్ప.’ ఆ ఒక్కటి ఏమిటో మాకెవరికీ తెలియదు, పెళ్లికొడుక్కి తెలుసో లేదో కూడా చెప్పలేను. కానీ బల్ల చుట్టూ పదిమందీ ఎవరి మనసులో ఉన్న కథ వాళ్లు అనుకుని నవ్వుకున్నారు. హాస్యం రాసేటప్పుడు ఇది మంచి కిటుకు, పూర్తిగా చెప్పకుండా కొంత వాళ్లకే వదిలేయడం. ఎవరినో ఉద్దేశించి పూర్తిగా రాసిన జోకు ఒకరిని నవ్విస్తే ఇద్దరిని నొప్పిస్తుంది.

దూరం నుంచి వచ్చినవాళ్లకి, ‘అంత దూరం వచ్చారు. కడుపు నింపి పంపే పూచీ మాది.’ పిల్లల బల్లకి, ‘ముందే ఐస్‌క్రీమ్ అడిగినా ఇస్తారు. అమ్మకి మేం చెప్పం.’

కొంచెం కష్టపెట్టింది వియ్యాలవారి బల్ల. మనలో రిసెప్షన్ ఎక్కువగా మగపెళ్లివారు ఇస్తారు. అంటే ఆ పూట వాళ్లు ఇంటివాళ్లు, ఆడపెళ్లివారు అతిథులు. ముందురోజు దాకా మర్యాదలు చేసి అలసిపోయినవాళ్లు ఇవాళ కూర్చుని తినాలి. కాబట్టి ఆ బల్ల మీద మాట ఆడపెళ్లివారిని ఆటపట్టించేదిగా ఉండకూడదు, సరసంగా అన్నా సరే. ‘మీ అమ్మాయి ఇక మా అమ్మాయి’ అని వరుడి బాబాయి ఒక మాట ఇచ్చారు. ఉద్దేశం మంచిదే, కానీ అప్పగింతలు అయి ఇంకా రోజు తిరగని తల్లికి అది ఓదార్పుగా వినబడుతుందా, లాక్కున్నట్టుగా వినబడుతుందా? చివరికి, ‘ఇవాళ్టి నుంచి రెండు ఊళ్లూ మనవే’ అన్నాం. అలాగే ‘ఆడపెళ్లివారు’, ‘మగపెళ్లివారు’ అని బల్లల మీద చీటీలు పెట్టడం కూడా మానేయాలి. ఒక్క వియ్యంకుల బల్ల తప్ప మిగతావి కలిపే కూర్చోబెట్టారు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పెళ్లికాని వాళ్లందరినీ ఒక బల్ల దగ్గర చేర్చి, ‘తరువాత మీ వంతే’ అని కార్డు పెట్టడం ఈ మధ్య చాలాచోట్ల కనబడుతోంది. ముప్పై ఐదేళ్లు దాటి, వచ్చిన ప్రతి చుట్టం దగ్గరా అదే ప్రశ్న విని విని ఉన్న అమ్మాయికి, కూర్చున్న బల్ల కూడా ఆ ప్రశ్నే అడిగితే ఎలా ఉంటుంది? ‘షుగరున్నా ఒక్కటి తినేయండి’ కూడా ఇదే బాపతు.

ఎవరి యాస వాళ్లే రాయాలి

యాసలో రాసిన మాటకి బల్ల దగ్గర వచ్చే స్పందనే వేరు. కానీ యాసని అనుకరించి రాయకూడదు. మా వాళ్లలో ఒకాయన గోదావరి జిల్లా మనిషి, ఆడపెళ్లివారి కోసం తెలంగాణ యాసలో ఒక మాట రాసి చూపించాడు. సినిమాలో విలన్ పక్కనుండేవాడు మాట్లాడినట్టుంది. పెళ్లికూతురి మేనత్తకి ఫోన్ చేసి, ‘మీ ఇంట్లో బంతిలో ఏమంటారండీ’ అని అడిగితే ఆవిడ అన్న మాట యథాతథంగా వేశాం: ‘నిమ్మలంగ తినుండ్రి, ఆగమాగం కాకుండ్రి.’ దాని పక్క బల్ల మీద గోదావరి వైపు పెదనాన్నది, ‘ఆయ్, ఇంకో బూరె వేయించుకోండి.’ ఎవరి నోటి మాట వాళ్లది కాబట్టి రెండూ నిలబడ్డాయి.

సంస్కృతం జోలికి వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. చాలా మెనూ కార్డుల అడుగున ‘అన్నదాతా సుఖీభవ’ అని కనబడుతుంది. అది తిన్నవాడు పెట్టినవాడిని దీవించే మాట. పెట్టినవాడే అచ్చు వేయించుకుంటే తన దీవెన తనే రాసుకున్నట్టవుతుంది. అలాగే ‘మాయాబజార్’ విందు పాట లేని మెనూ కార్డు ఈ రోజుల్లో అరుదు. 1957 నుంచి అందరికీ ఇష్టమైన పాటే. కానీ అందులో ఘటోత్కచుడు పెళ్లి వంటకాలన్నీ ఒక్కడే ఆరగించేస్తాడని ఎవరూ గుర్తుచేసుకోరు. అతిథులకి అది మంచి శకునం కాదు.

ఆహారం పారేయొద్దని చెప్పాలని కూడా చాలామంది అడుగుతారు. ‘ఆహారాన్ని వృథా చేయకండి’ హాస్టల్ మెస్సులో ఉండే బోర్డు. అదే సంగతిని ‘కొంచెం కొంచెం వేయించుకోండి, ఎన్నిసార్లైనా వస్తారు’ అంటే వినేవాడికి మందలింపు తగలదు, పని మాత్రం అవుతుంది.

అచ్చులో ఏం జరుగుతుంది

ఇన్ని మాటలూ కుదిరాక అచ్చులో పోగొట్టుకునేవాళ్లు బోలెడుమంది. బల్ల మీద కార్డుని మూడు నాలుగడుగుల దూరం నుంచి చదువుతారు, కంచం పక్క కార్డుని ఒకటిన్నర అడుగు నుంచి. రిసెప్షన్‌లో వెలుతురంతా వేదిక మీదే ఉంటుంది, బల్లల దగ్గర మసక. పెద్దవాళ్లు కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వస్తారు. అందుకని బల్ల కార్డు మీద పేరు వేలి వెడల్పున, కింద మాట ఇరవై నాలుగు పాయింట్లకి తగ్గకుండా, మెనూలో వంటకాల పేర్లు పద్నాలుగు పాయింట్లు, మాటలు పన్నెండు ఉంటే చదవగలుగుతారు. ఏ4 కాగితంలో సగం, అంటే ఏ5 కార్డుని మధ్యకి మడిస్తే గుడారంలా నిలబడుతుంది, రెండు వైపుల నుంచీ కనబడుతుంది. మూడు వందల జీఎస్ఎం మందం కార్డైతే ఫ్యాను గాలికి ఆగుతుంది. మడత దగ్గర ముందే క్రీజింగ్ గీత వేయించకపోతే ఆ మందంలో మడత పగిలి తెల్లగా చారలు పడతాయి. ఆరుబయట లాన్‌లో అయితే గుడారం కార్డు వద్దు, స్టాండుకి తగిలించాలి.

మన అక్షరాలకి పైన గుణింతం, కింద వత్తు. ఇంగ్లిష్‌కి వేసినంత దగ్గరగా వరసలు వేస్తే పై వరస వత్తులు కింది వరస గుడి మీద కూర్చుంటాయి. అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు వరసకీ వరసకీ ఎడం ఉండాలి. బంగారు ఫాయిల్ చాలామంది మోజు. పెద్ద అక్షరాలకి బాగానే ఉంటుంది, కానీ పన్నెండు పాయింట్ల అక్షరానికి ఫాయిల్ వేస్తే సన్నటి సందులు పూడుకుపోయి ద ఏదో ధ ఏదో, ప ఏదో ష ఏదో తెలియదు. ఫాయిల్ బల్ల పేరు వరకే ఉంచి, కింద మాటకి మామూలు ముదురు రంగు వేయించడం మేలు. నిగనిగలాడే లామినేషన్ మీద దీపాలు, కెమెరా ఫ్లాష్‌లు మెరిసి మాట కనబడదు కాబట్టి మ్యాట్ అడగాలి.

అసలు ప్రమాదం కంప్యూటర్‌లో ఉంది. మనం ఫోన్‌లో టైపు చేసి పంపేది యూనికోడ్. డీటీపీ షాపుల్లో చాలామంది ఇంకా పాత అను ఫాంట్లలో పనిచేస్తారు. దాన్ని దీనిలోకి మార్చేటప్పుడో, తెలుగుకి సిద్ధం చేయని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికించినప్పుడో వత్తులు ఊడి పక్కకొచ్చేస్తాయి. ‘పెళ్లి’ కాస్తా ‘పెళ్‌లి’ అవుతుంది. ఫొటోషాప్, ఇన్‌డిజైన్ లాంటివాటిలో World-Ready అనే అమరిక ఎంచుకుంటే అక్షరాలు కుదురుకుంటాయి. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే రామభద్ర బల్ల పేరుకి లావుగా నిండుగా ఉంటుంది, మండలి కింద మాటలకి బాగుంటుంది. ప్రూఫు తెరమీద కాకుండా కాగితం మీద, అసలు సైజులో తీసుకుని చూడాలి. చూసేవాళ్లు ఆ మాటలు రాసినవాళ్లు కాకూడదు, రాసినవాళ్లకి తప్పు ఉన్నా ఒప్పే కనబడుతుంది. మా ప్రూఫులో ‘నిమ్మలంగ’ని ఎవరో దిద్ది ‘నిమ్మళంగా’ చేశారు. మేనత్తగారి చేత చదివించబట్టి దొరికింది.

వరస ఎక్కడ విరగాలో కూడా మనమే చెప్పాలి. కంప్యూటర్‌కి వదిలేస్తే ‘తొందరేం లేదు. వధూవరులే మీ’ ఒక వరస, ‘దగ్గరికొస్తారు’ ఇంకో వరస అవుతుంది. ‘తొందరేం లేదు’ దగ్గరే విరిచి, మిగతాది కింద వేయాలి. ఊపిరి తీసుకునే చోటే వరస విరగాలి. కార్డు మీద మొత్తం పది మాటలు దాటితే ఎలా విరిచినా అందం రాదు. తెలుగు చదవని అతిథులుంటే కార్డు రెండో వైపు వాళ్ల భాషలో వంటకం ఏమిటో చెబితే చాలు. ‘తోడు’ మీద ఆడిన మాటని ఇంగ్లిష్‌లోకి లాగబోతే రెండు భాషలూ చెడతాయి. తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో వేయడం మాత్రం నాకు నచ్చదు. తెలుగు రానివాడికి అది అర్థం కాదు, తెలుగు వచ్చినవాడు నత్తినత్తిగా చదువుకోవాలి.

బఫే అయితే కథ మారుతుంది. అక్కడ కార్డు కంచం పక్కన ఉండదు, పాత్ర పక్కన ఉంటుంది. చేతిలో పళ్లెంతో, వెనక క్యూతో నిలబడ్డవాడికి మూడు మాటలకి మించి చదివే తీరిక లేదు. ‘ఆవకాయ. నాన్నమ్మ కొలత.’ అంతే.

రిసెప్షన్ రోజు మధ్యాహ్నం వరుడి తల్లి కార్డుల మీద ఉన్న మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని కేటరింగ్ మేస్త్రీ దగ్గర కూర్చున్నారు. మాట ఇచ్చినవన్నీ ఒక్కొక్కటిగా చూసుకున్నారు. పెద్దల బల్లలకి వధూవరులు ఎన్ని గంటలకి దిగాలి, అప్పుడు ఫొటోగ్రాఫర్ ఎక్కడుండాలి. పిల్లల బల్లకి ఐస్‌క్రీమ్ ముందే తెచ్చి ఫ్రీజర్‌లో ఎవరు ఉంచుతారు. మేస్త్రీ కిళ్లీల స్టాలు మేడ మీద పెడదామనుకున్నాడట, కార్డు చూసి తలుపు దగ్గరికే మార్చాడు. నెయ్యి మాట దగ్గర మాత్రం ఆగి, ‘ఇది చదివాక అందరూ అడుగుతారమ్మా’ అన్నాడు. అడగాలనేగా వేశాం అన్నారావిడ. అప్పుడు మేస్త్రీ ఇంకో రెండు కిలోల నెయ్యికి మనిషిని పంపి, ఒక కుర్రాడికి వేరే పనేదీ చెప్పకుండా నేతి గిన్నె చేతికిచ్చి బల్లల మధ్య తిరగమన్నాడు.